140 పేజీల తెలుగు కేసు ఫైలును ఏఐకి ఇవ్వడం ఎలా: కాంటెక్స్ట్ విండో హద్దు, దాని లోపల పని చేసే పద్ధతి

హన్మకొండ అదాలత్ చుట్టుపక్కల ఏ వకీలు ఆఫీసులోనైనా ఉండే ఫైలు ఒకటి అనుకుందాం. పరకాల వైపు భూమి మీద పంపకాల దావా. దావా పత్రం 18 పేజీలు, ప్రతివాదుల జవాబు 14, సాక్షుల వాంగ్మూలాలు 62, పహాణీలు, రిజిస్ట్రీ నకళ్లు కలిపి 46. మొత్తం 140 పేజీలు, దాదాపు అంతా తెలుగే. జూనియర్ అడ్వకేట్‌కు తేలాల్సిన ప్రశ్న ఒకటే: నోటి పంపకం ఎప్పుడు జరిగిందని ఎవరెవరు ఏం చెప్పారు, ఆ మాటలు ఎక్కడ పొసగడం లేదు?

ఫైలంతా ఏఐ టూల్‌లోకి ఎక్కించి ఇదే ప్రశ్న అడిగితే జవాబు చకచకా వచ్చేస్తుంది. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ అందులో రెండో సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ కలిసిందో లేదో ఆ జవాబును చూసి చెప్పలేం. టూల్ దాన్ని చదవకపోయినా "ఇది నాకు అందలేదు" అని చాలాసార్లు చెప్పదు. ఈ చిక్కు కాంటెక్స్ట్ విండో దగ్గర మొదలవుతుంది.

విండోలో ఏమేం పడతాయి

మోడల్ ఒక్కసారికి ఎంత పాఠం చూడగలదో చెప్పే హద్దే కాంటెక్స్ట్ విండో. దీన్ని పేజీల్లోనో పదాల్లోనో కొలవరు, టోకెన్లలో కొలుస్తారు. టోకెన్ అంటే పాఠాన్ని మోడల్ విడగొట్టుకునే ముక్క. అది ఒక పూర్తి పదం కావచ్చు, ఒక అక్షరంలో భాగం కూడా కావచ్చు. 2023 నవంబర్‌లో వచ్చిన జీపీటీ-4 టర్బోకు 1,28,000 టోకెన్ల విండో ఉండేది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించిన జెమిని 1.5 ప్రోతో అది పది లక్షల దాకా వెళ్లింది. మీరు వాడే టూల్‌కు, మీరు తీసుకున్న ప్లాన్‌కు హద్దు ఎంతో దాని సహాయ పేజీలో చూసుకోండి. ఒకే మోడల్‌కు ఉచిత ప్లాన్‌లో తక్కువ, డబ్బు కట్టే ప్లాన్‌లో ఎక్కువ ఉండటం మామూలే.

ఆ హద్దు మీ కాగితాలకు మాత్రమే కాదు. టూల్ తయారుచేసినవాళ్లు ముందే పెట్టిన సూచనలు, మీ ప్రశ్న, అప్పటిదాకా సాగిన సంభాషణ, మోడల్ రాయబోయే జవాబు అన్నీ అందులోనే సర్దుకోవాలి. మోడల్ కిందటి ప్రశ్నను గుర్తుపెట్టుకుని కూర్చోదు. మీరు కొత్త ప్రశ్న అడిగిన ప్రతిసారీ పాత సంభాషణ మొత్తాన్ని టూల్ మళ్లీ దాని ముందు పెడుతుంది. అందుకే పదిహేను ప్రశ్నల తర్వాత, మొదట్లో ఇచ్చిన "పేజీ నంబర్ తప్పక రాయాలి" అన్న సూచన అమలు కాకుండా పోతుంది. చోటు చాలక టూల్ పాత మాటలను కొట్టేస్తుంది, లేదా కుదించేస్తుంది.

తెలుగుకు చోటు ఎక్కువ పడుతుంది

ఇంగ్లిష్ ఫైళ్ల మీద రాసిన సలహాలు మనకు సరిపోకపోవడానికి కారణం ఇదే. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్. యూనికోడ్ తెలుగులో ప్రతి హల్లుకు, ప్రతి గుణింతపు గుర్తుకు, వత్తుకు ముందొచ్చే పొల్లుకు తలా మూడు బైట్లు. "క్షే" అని ఒక్క అక్షరం రాస్తే లోపల నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. పైగా టోకెన్లుగా విడగొట్టే పద్ధతి ఎక్కువగా ఇంగ్లిష్ పాఠం మీదే తయారైంది. కాబట్టి ఇంగ్లిష్‌లో వాడుక పదం చాలావరకు ఒకే టోకెన్ అయితే, తెలుగు పదం నాలుగైదు ముక్కలవుతుంది.

2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్ఏఐ ఒకే పలకరింపును ఇరవై భాషల్లో పోల్చి చూపింది. తెలుగులో ఆ పలకరింపుకు పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టేవి, కొత్త పద్ధతిలో 45 పట్టాయి. ఇంగ్లిష్‌లో అదే 27 నుంచి 24కు తగ్గింది. చాలా మెరుగైందన్నది నిజమే, అయినా తెలుగుకు ఇంకా దాదాపు రెట్టింపు పడుతోంది. ఒక చిన్న పాఠం మీద వేసిన లెక్క కాబట్టి దీన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. పని చేయడానికి ఆ ఉజ్జాయింపు చాలు.

ఇప్పుడు మన ఫైలు సంగతి. టైపు చేసిన తెలుగు పేజీలో ఖాళీలతో కలిపి 1,800 గుర్తులు ఉన్నాయనుకుంటే, కొత్త పద్ధతిలో సుమారు 950 టోకెన్లవుతాయి. 140 పేజీలకు 1,33,000. అంటే 1,28,000 విండోలో ఒక్క ప్రశ్న కూడా అడగకముందే ఫైలు పొంగిపోయింది. ఇదే విషయం ఇంగ్లిష్‌లో ఉంటే 70,000 చుట్టుపక్కల తేలిపోయేది.

ముందు పాఠం సరిగ్గా ఉందా చూడండి

టోకెన్లు లెక్కపెట్టే ముందు అసలు మోడల్‌కు అందుతున్నది తెలుగేనా అని చూడాలి. ఇక్కడి డీటీపీ సెంటర్లలో చాలా కాలంగా అను స్క్రిప్ట్‌లో టైపు చేస్తున్నారు. అది యూనికోడ్ కాదు. పీడీఎఫ్ తెరిస్తే కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. టూల్ ఆ పీడీఎఫ్ నుంచి పాఠాన్ని తీసుకుంటే ఆ గజిబిజి విండోను నింపేస్తుంది, మోడల్ అందులోంచి ఏదో ఊహించి రాస్తుంది.

పరీక్ష చాలా తేలిక. ఫైలులో మూడు వేర్వేరు చోట్ల ఒక్కో పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. తెలుగు తెలుగుగా వస్తే సరే. గజిబిజి వచ్చినా, అసలు ఏమీ కాపీ కాకపోయినా (అంటే అది స్కాన్ బొమ్మ) ఓసీఆర్ చేయాలి, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను ప్రోగ్రాంతో చదివించి పాఠంగా మార్చాలి. కంప్యూటర్‌లో ocrmypdf అనే ప్రోగ్రాం, టెసరాక్ట్ తెలుగు భాషా ఫైలు వేసుకుని ఉంటే ఈ ఒక్క లైను చాలు:

```
ocrmypdf --force-ocr -l tel+eng --sidecar case.txt case.pdf out.pdf
```

`--force-ocr` ఎందుకంటే, అను స్క్రిప్ట్ పీడీఎఫ్‌లో ముందే ఒక పాఠం ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి మామూలుగా అయితే ఆ ప్రోగ్రాం పని చేయకుండా ఆగిపోతుంది. దీనితో పేజీని బొమ్మగా మార్చి కొత్తగా చదువుతుంది. `case.txt`లో శుభ్రమైన యూనికోడ్ పాఠం మిగులుతుంది.

భూమి కాగితాల్లో ఓసీఆర్ తప్పు ఎక్కడ దెబ్బ తీస్తుందో ముందే తెలిసి ఉండాలి. సర్వే నంబర్ 214/అ, 214/ఆ రెండూ వేర్వేరు ముక్కలు, తరచూ వేర్వేరు పట్టాదారులవి. పాత జిరాక్స్‌లో అ, ఆ మధ్య తేడాను ఓసీఆర్ సులువుగా పోగొడుతుంది. ఎకరాలు-గుంటల మధ్య చుక్క కూడా అంతే: 1.12 (ఎకరం 12 గుంటలు) కాస్తా 112 అవుతుంది. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు ఉన్న పేజీలను మనిషి కూర్చుని అసలు కాగితంతో పోల్చి సరిదిద్దాలి. దీనికి దగ్గరి దారి లేదు.

ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు కొట్టేయాల్సిందీ ఈ దశలోనే. కక్షిదారు ఒప్పుకోకుండా కేసు కాగితాలు బయటి టూల్‌లోకి ఎక్కించకూడదు.

లెక్క కట్టడం

వర్డ్‌లోగానీ లిబ్రే ఆఫీస్‌లోగానీ పాఠం తెరిచి, ఖాళీలతో కలిపి మొత్తం గుర్తులు ఎన్నో చూడండి. ఆ అంకెను రెండుతో భాగిస్తే కొత్త మోడళ్లలో తెలుగు టోకెన్ల సంఖ్యకు దగ్గరగా వస్తుంది. దానిపైన ఇంకో పదో వంతు కలుపుకుంటే ఇంకా భద్రం. ఖచ్చితంగా కావాలంటే పైథాన్‌లో `tiktoken` వేసుకుని ఇలా లెక్కించవచ్చు:

```python
import tiktoken
enc = tiktoken.get_encoding("o200k_base")
text = open("case.txt", encoding="utf-8").read()
print(len(enc.encode(text)))
```

ఇది జీపీటీ-4ఓ వాడే పద్ధతి. వేరే కంపెనీ మోడళ్లకు అంకె కొంత అటూ ఇటూ మారుతుంది. పాత జీపీటీ-4 పద్ధతి `cl100k_base` అని పెట్టి చూస్తే అంకె మూడింతలకు పైగా పెరుగుతుంది. పాత మోడల్ మీద నడిచే టూల్ తెలుగు ఫైలుతో ఎందుకంత తొందరగా చేతులెత్తేస్తుందో దాన్నిబట్టి అర్థమవుతుంది.

అంకె వచ్చాక విండోను అంచుదాకా నింపకండి. కాగితాలకు సగానికి మించి ఇవ్వవద్దన్నది మా సలహా. చోటు సరిపోవడం వేరు, శ్రద్ధగా చదవడం వేరు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరికొందరితో కలిసి చేసిన అధ్యయనంలో, కావలసిన సమాచారం పొడవైన పాఠం మొదట్లోనో చివర్లోనో ఉంటే మోడళ్లు బాగా పట్టుకున్నాయి, నడుమ ఉంటే ఎక్కువగా జారవిడిచాయి. తర్వాత వచ్చిన మోడళ్లు ఈ విషయంలో మెరుగయ్యాయి. ఒక్క వాక్యాన్ని వెతికి తెమ్మంటే పెద్ద పాఠంలోంచి కూడా తెస్తాయి. కానీ పది చోట్ల చెదిరి ఉన్న మాటలన్నీ ఏరి, ఒకదానితో ఒకటి పోల్చమంటే ఇంకా తడబడతాయి. మనం అడగబోయే ప్రశ్న సరిగ్గా అలాంటిదే. మన ఫైలులో నడిమి పేజీ 70, అంటే సాక్షుల వాంగ్మూలాలు ఉన్న చోటు. కాబట్టి పది లక్షల టోకెన్ల మోడల్ చేతిలో ఉన్నా ఈ పనికి ఫైలును విడగొట్టడమే మేలు.

ఎక్కడ కోయాలి

చాలామంది 30 పేజీలకు ఒకటి చొప్పున కోస్తారు. అలా చేస్తే సాక్షి చీఫ్‌లో చెప్పింది ఒక ముక్కలో, అదే మాట మీద క్రాస్‌లో దొరికిపోయింది ఇంకో ముక్కలో పడుతుంది. రెండూ ఒక్కచోట లేనప్పుడు మోడల్‌కు వైరుధ్యం కనబడే అవకాశమే ఉండదు. కోత సాక్షి వారీగా ఉండాలి.

మన ఫైలులో వాది మొదటి సాక్షి 33 నుంచి 54 దాకా, రెండో సాక్షి 55 నుంచి 68 దాకా, ప్రతివాది మొదటి సాక్షి 69 నుంచి 86 దాకా, రెండో సాక్షి 87 నుంచి 94 దాకా ఉన్నారనుకుందాం. వీటిలో పెద్దది 22 పేజీలు, సుమారు 21,000 టోకెన్లు. దావా పత్రం ఒక ముక్క, జవాబు ఇంకో ముక్క. మొత్తం ఆరు ముక్కలు. ఒకే వాంగ్మూలం మరీ పెద్దదై తప్పనిసరిగా కోయాల్సి వస్తే, మొదటి ముక్కలోని చివరి పేజీని రెండో ముక్క మొదట్లో మళ్లీ పెట్టండి. అప్పుడు ప్రశ్న ఒక ముక్కలో, జవాబు ఇంకో ముక్కలో పడిపోదు.

వెనుక ఉన్న 46 పేజీల పహాణీలు, నకళ్లను మాత్రం ఇవ్వకండి. గళ్ల పట్టికలు పాఠంగా మారినప్పుడు ఏ అంకె ఏ గడిదో తెలియకుండా పోతుంది, అయినా చోటు మాత్రం తింటాయి. ఈ ప్రశ్నకు అవసరమైన సంవత్సరాల పహాణీల్లో పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అన్నది చూసి చేత్తో ఐదారు లైన్లు టైపు చేసుకుంటే సరిపోతుంది.

ప్రతి ముక్కలోనూ పేజీ మొదట `[[పేజీ 61]]` లాంటి గుర్తు అసలు ఫైలు నంబర్‌తోనే పెట్టండి. జవాబును సరిచూడాలంటే అదే ఆధారం.

ఒక్కో ముక్కకు ఒక్కో కొత్త చాట్

ఆరు ముక్కలకు ఆరు కొత్త చాట్‌లు తెరవండి. ఒకే చాట్‌లో వరుసగా ఇస్తే పాత ముక్కలన్నీ పేరుకుపోయి, విడగొట్టినందుకు ఫలితం ఉండదు. పాఠం ముందు, సూచన చివర పెట్టండి. అన్నిటికీ ఒకే సూచన, అక్షరం మార్చకుండా:

"పై పాఠంలో పంపకం, దాని తేదీ లేదా సంవత్సరం, పెద్దమనుషులు, భూమి ఎవరి స్వాధీనంలో ఉంది అన్న విషయాలపై ఉన్న ప్రతి మాటనూ తీసి రాయి. ఒక్కోదానికి పేజీ నంబర్, చీఫ్‌లో చెప్పిందా క్రాస్‌లో చెప్పిందా, సాక్షి అన్న వాక్యం ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వు. తెలియదు, గుర్తులేదు, వాస్తవమే, వాస్తవం కాదు అన్న జవాబులను ప్రశ్నతో సహా రాయి. కుదించవద్దు. వీటిలో ఏదైనా లేకపోతే లేదని చెప్పు."

ఇందులో బరువంతా "కుదించవద్దు" అన్న మాట మీద ఉంది. సారాంశం రాయమంటే మోడల్ మొదట తీసేసేది "గుర్తులేదు" లాంటి జవాబులనే, ఎందుకంటే పాఠంగా చూస్తే వాటిలో సమాచారమేమీ లేనట్టుంటుంది. క్రాస్‌లో కేసు మలుపు తిరిగేది చాలాసార్లు ఆ జవాబుల మీదే. సారాంశానికి మళ్లీ సారాంశం రాయిస్తే సర్వే నంబర్లు, సంవత్సరాలు కూడా ఎగిరిపోతాయి.

నిజంగా చదివిందా అని తేల్చుకోవడం

ఒక్కో చాట్‌లో జవాబు తీసుకున్నాక రెండు నిమిషాల పరీక్ష పెట్టండి. "ఎన్ని పేజీలు అందాయి, వాటి నంబర్లు చెప్పు" అని అడగడం పరీక్ష కాదు. 55, 68 కనిపిస్తే మధ్యలో ఉన్నవి చదవకుండానే వరుసగా రాసేయవచ్చు. ముక్క మొదట్లో, నడుమ, చివర్లో ఒక్కో పేజీ ఎంచుకుని, "పేజీ 61 గుర్తు తర్వాత వచ్చే మొదటి వాక్యం ఉన్నది ఉన్నట్టు రాయి" అని అడగండి. ఊహించి రాయలేని ప్రశ్న ఇది.

వచ్చే తప్పును బట్టి జబ్బు ఏదో తెలుస్తుంది. మొదటి పేజీ వాక్యమే రాకపోతే, లేదా చివరి పేజీది రాకపోతే, పొడవు ఎక్కువై టూల్ ఆ వైపు కోసేసింది. మరింత చిన్న ముక్క ఇవ్వాలి. చివరి పేజీలు సరిగ్గా వచ్చి నడిమివి తప్పితే ముక్కను సగం చేసి చూడండి. అడిగిన పేజీ ప్రతిసారీ సరిగ్గా వస్తోంది గానీ, "ప్రతి మాటనూ తీయి" అన్నప్పుడు మాత్రం మూడు నాలుగే వస్తున్నాయంటే, టూల్ ఫైలును మొత్తం విండోలో పెట్టడం లేదని అనుమానించాలి. చాలా టూల్స్ ఎక్కించిన ఫైలును లోపల చిన్న చిన్న పేరాలుగా విడగొట్టి, ప్రశ్నకు దగ్గరగా అనిపించిన కొన్నిటినే మోడల్‌కు చూపుతాయి. ఒక విషయాన్ని వెతకడానికి ఆ పద్ధతి మంచిదే, అన్నిటినీ ఏరడానికి పనికిరాదు. అలాంటప్పుడు ఫైలు ఎక్కించడం మానేసి, ఆ ముక్క పాఠాన్నే చాట్ పెట్టెలో అతికించండి.

ఆరింటినీ కలపడం

ఒక్కో ముక్క నుంచి వచ్చిన ఎత్తిరాతలు 1,500 టోకెన్ల చుట్టూ ఉంటే, ఆరూ కలిపి 9,000. ఏడో చాట్ తెరిచి ఈ ఎత్తిరాతలను, చేత్తో టైపు చేసిన పహాణీ లైన్లను పెట్టి అసలు ప్రశ్న అడగండి: పంపకం సంవత్సరం గురించి ఒకరి మాటకు ఒకరి మాట, అలాగే ఒకే సాక్షి చీఫ్‌కు క్రాస్‌కు, ఎక్కడెక్కడ పొసగడం లేదు?

మన ఉదాహరణలో రావాల్సిన జవాబు ఇలా ఉంటుంది. ప్రతివాదుల జవాబులో, పేజీ 22లో, పంపకం 2006లో అయిందని ఉంది. ప్రతివాది మొదటి సాక్షి చీఫ్‌లో, పేజీ 70లో, అదే మాట చెప్పాడు. క్రాస్‌లో, పేజీ 81లో, "నాన్న చనిపోయిన తర్వాతనే పంచుకున్నం" అని, నాన్న పోయిన 2009కి వెళ్లాడు. వాది రెండో సాక్షి మాత్రం, పేజీ 64లో, పెద్దమనుషుల ముందు మాట్లాడుకున్నది వాస్తవమేనని, ఏ సంవత్సరమో గుర్తులేదని అన్నాడు. ఈ చివరిది వాదికే ఇబ్బంది. ఫైలంతా ఒక్కసారిగా ఇచ్చినప్పుడు జారిపోయే మాట కూడా ఇదే, ఎందుకంటే అది నడిమి పేజీల్లో, ఒక "గుర్తులేదు" వెనుక దాక్కుని ఉంది.

ఇక్కడితో పని అయిపోలేదు. జవాబులో వచ్చిన ప్రతి వాక్యాన్నీ `case.txt`లో Ctrl+F కొట్టి వెతకండి. పూర్తి వాక్యం దొరకకపోతే అందులోని నాలుగు పదాలతో వెతకండి, ఎందుకంటే లైను విరిగిన చోట వెతుకులాట ఆగిపోవచ్చు. అయినా దొరకకపోతే ఆ వాక్యం మోడల్ సొంతంగా అల్లిందని అనుకుని, అసలు పేజీ తెరిచి చూసేదాకా నోట్స్‌లోకి ఎక్కించవద్దు.

అనువాదానికి ఒక జాగ్రత్త

హైకోర్టు అప్పీలుకు వాంగ్మూలాలను ఇంగ్లిష్‌లోకి మార్చాల్సి వచ్చినప్పుడు ఇంకో హద్దు అడ్డొస్తుంది. మోడల్ ఒక్క జవాబులో రాయగలిగే పొడవుకు విడిగా ఒక పరిమితి ఉంటుంది, అది సాధారణంగా విండో కంటే చిన్నది. 22 పేజీలు ఒకేసారి ఇస్తే చదవడం పూర్తిగానే చదువుతుంది. రాయడంలో మాత్రం కొన్ని పేజీలు దాటాక వాక్యాలు కుదించుకుంటూ పోవచ్చు, లేదా మధ్యలో ఆగిపోవచ్చు. ఆగిపోతే నయం, కనిపిస్తుంది. కుదించుకోవడం కంటికి ఆనదు. నాలుగైదు పేజీల చొప్పున ఇచ్చి, ప్రశ్న-జవాబు జతలు తెలుగులో ఎన్ని ఉన్నాయో ఇంగ్లిష్‌లోనూ అన్నే ఉన్నాయా అని లెక్కపెట్టండి. తక్కువ వస్తే ఆ నాలుగు పేజీలను కొత్త చాట్‌లో మళ్లీ ఇవ్వండి. అదే చాట్‌లో "వదిలేసినవి కూడా రాయి" అని అడిగితే కొన్నిసార్లు లేని ప్రశ్నలు కూడా పుట్టుకొస్తాయి.